మడతలో పోయిన సగం మాట: ఫోటో చూసి పాత పారీఖత్తు అనువదించిన నా అనుభవం

జూన్ మొదటి వారంలో రాజోలు దగ్గర మా పిన్ని వాళ్ల ఊరి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వరసకి ఆయన్ని బాబాయ్ గారూ అని పిలుస్తాను. వాళ్ల తాతగారు, తాతగారి తమ్ముడు 1933లో భాగాలు పంచుకుని రాసుకున్న పారీఖత్తు ఒకటి ఉందని, హైకోర్టులో అప్పీలుకి దాని ఇంగ్లీషు అనువాదం జత చేయాలని, ఫోటో వాట్సాప్‌లో పెడతానని చెప్పారు. అసలు కాగితం ఆయన దగ్గర లేదు. ఒక లంక ఊళ్లో ఉంటున్న దాయాదుల ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది.

వారం రోజుల్లో అయిపోయే పని అనుకుని ఒప్పుకున్నాను. ఆగస్టు ఆఖరుకి గాని తెమల్లేదు. అమలాపురంలో ఉంటూ చాలా ఏళ్లుగా దస్తావేజులు, సర్టిఫికెట్లు అనువదిస్తున్నాను గానీ, చెరిగిపోయిన చేతిరాతని ఫోటో ఒక్కటే ఆధారంగా కోర్టుకి వెళ్లే అనువాదంగా చేయడం ఇదే మొదటిసారి. ఇలాంటి కాగితాలు చాలామంది ఇళ్లల్లో ఉన్నాయి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు, ఊరు, సర్వే నంబర్లు తీసేశాను.

ఫోటోలతో పాటు ఇంకో అనువాదం కూడా వచ్చింది. అంతకుముందే ఒక అనువాద కేంద్రంలో చేయించారట. వకీలు గారు అది చూసి, కాగితం ఇంత పాడైపోతే అనువాదం ఇంత నున్నగా ఎలా ఉందని అడిగి, ఇంకొకరితో చేయించమన్నారట. దాన్ని తెరవకుండా పక్కన పెట్టాను. ఒకసారి ఎవరో చదివిన మాట మన కంట్లో పడితే, ఆ తర్వాత ఫోటోలో ఆ మాటే కనిపిస్తుంది. మన పాఠం మనం రాసుకున్నాకే రెండోవాళ్లది చూడాలి.

వచ్చిన ఫోటోలు రెండు, కాగితానికి ముందు వైపు, వెనక వైపు. రెండూ ఫోన్లో స్కానింగ్ యాప్‌తో తీసి నలుపు తెలుపు చేసినవి. చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి, నాకు మాత్రం అదే భయం వేసింది. ఆ యాప్ ఒక హద్దు పెట్టుకుని, అంతకన్నా ముదురుగా ఉన్నదాన్ని నలుపు చేస్తుంది, లేతగా ఉన్నదాన్ని తెలుపు చేసి చెరిపేస్తుంది. తొంభై ఏళ్ల సిరాలో సన్నటి గీతలు, అంటే కొమ్ములు, తలకట్లు, ముందు వెలిసిపోతాయి. తెలుగులో ఒక కొమ్ము పోతే మాటే మారిపోతుంది. పైగా వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపిస్తే సైజు తగ్గించేస్తుంది. అందుకని దాయాదుల అబ్బాయికి ఫోన్ చేసి, యాప్ వద్దు, ఫోన్ కెమెరాతోనే రంగుల్లో తీయమని, ఫ్లాష్ ఆపమని, ఒకే చోట ఫోన్ కదలకుండా పెట్టి కిటికీ వెలుతురు ఎడమ పక్క నుంచి పడేట్టు ఒకటి, కుడి పక్క నుంచి పడేట్టు ఒకటి తీయమని, వాటిని ఫోటోలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాను. పాపం ఆ కుర్రాడు ఓపిగ్గా తీసి పంపాడు. అవి రావడానికి పది రోజులు పట్టింది.

రెండు పక్కల వెలుతురు ఎందుకంటే, మడత నీడ కూడా ఫోటోలో సన్నటి గీతలాగే కనిపిస్తుంది. వెలుతురు వచ్చే దిక్కు మారితే నీడ చోటు మారుతుంది, సిరా మారదు. రెండు ఫోటోల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఏది గీతో ఏది నీడో చాలావరకు తేలిపోతుంది.

ఇంగ్లీషు జోలికి వెళ్లకముందు తెలుగులోనే శుద్ధ ప్రతి రాసుకున్నాను. కాగితంలో ఎన్ని లైన్లుంటే అన్ని లైన్లు, ప్రతి లైనుకీ నంబరు, ఉన్న అక్షరం ఉన్నట్టే. చదవడం వేరు, అనువదించడం వేరు. రెండూ ఒకేసారి చేస్తే ఖాళీ వచ్చిన చోట వాక్యం తనంతట తను నిండిపోతుంది, అలా నిండిందని మనకి కూడా తెలియదు.

శుద్ధ ప్రతిలో నాలుగు స్థాయిలు పెట్టుకున్నాను. అక్షరాలన్నీ కనిపిస్తే ఏ గుర్తూ లేదు. ఒక అక్షరం కొంత పోయినా, మిగిలిన భాగాన్ని అదే లేఖరి ఇంకోచోట స్పష్టంగా రాసిన అక్షరంతో పోల్చి చెప్పగలిగితే (?), అంటే దాదాపు ఖాయం. కాగితం మీద కనిపించేదానికి రెండు మూడు పాఠాలు సరిపోతుంటే (??), అంటే ఊహ, ఆ పాఠాలన్నీ కింద రాయాలి. ఏమీ కనిపించకపోతే చదరపు బ్రాకెట్లలో చుక్కలు, ఎన్ని అక్షరాల చోటు పోయిందో అంచనా. నూటికి ఎనభై, నూటికి అరవై అని శాతాలు మాత్రం పెట్టలేదు. అంత కచ్చితంగా కొలవడానికి నా దగ్గర ఏ సాధనం ఉంది? చదివేవాళ్లకి కావలసింది అంకె కాదు, ఏ ఆధారంతో ఆ మాట రాశామన్నది.

శాసనాలు చదివే పండితులకి ఇలాంటి గుర్తులు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1931లో లైడెన్ నగరంలో కూర్చుని ఒక పద్ధతి ఖాయం చేసుకున్నారు. అందులో అనుమానం ఉన్న అక్షరం కింద చుక్క పెడతారు. అదే వాడదామనుకున్నాను గానీ తెలుగు ఫాంట్లలో అక్షరం కింద చుక్క పెడితే వత్తులతో కలిసిపోయి గందరగోళం అవుతోంది. అందుకే ప్రశ్న గుర్తులు.

మొదటి చిక్కు తేదీ దగ్గరే వచ్చింది. మొదటి లైనులో ఇలా కనిపిస్తోంది: "౧౯౩౩ సం॥ మాచి౯ ౨". చూడగానే మాచి తొంభై రెండు అనిపిస్తుంది. పాత రాతలో ర్ అనే పొల్లుని ముందు రాయకుండా, తర్వాతి అక్షరం పక్కన వలపలగిలక అనే కొక్కెంలాంటి గుర్తు పెట్టేవారు. అది అచ్చం తెలుగు తొమ్మిదిలా ఉంటుంది. ఇది వలపలగిలకే అని నేను చెబితే సరిపోదు, కాగితమే చెప్పాలి. హద్దులు రాసిన చోట "తూపు౯" అని ఉంది. తూర్పు అనే మాట మధ్యలో అంకెకి పని లేదు కదా. అక్కడా ఇక్కడా అదే కొక్కెం. కాబట్టి అది మార్చి, ఖాయం.

ఇక ఆ తర్వాతది ౨ అవుతుందా ౩ అవుతుందా? చేతిరాతలో ఈ రెండింటికీ తేడా ఒక్క వంపు, ఆ వంపు మీద మరక పడింది. అదృష్టవశాత్తూ పక్కనే "లక్ష్మీవారం" అని, కింద లైనులో "ఆంగీరస" అని స్పష్టంగా ఉన్నాయి. 1933 మార్చి 2 గురువారం, 3 శుక్రవారం. ఆ ఏడు ఉగాది మార్చి నెలాఖరున వచ్చింది కాబట్టి అప్పటికి ఆంగీరసే నడుస్తోంది. మనవైపు లక్ష్మీవారం అంటే గురువారమే. అందుకని ౨ అని రాసి, పక్కన (?) పెట్టి, కింద నోట్‌లో "అంకె మీద మరక ఉంది; వారాన్ని బట్టి 2 అని నిర్ణయించాం" అని రాశాను. ఇంత తేలిపోయాక కూడా గుర్తు ఎందుకు తీసేయలేదంటే, నిర్ణయం వారాన్ని బట్టి చేశాం, అంకెని చూసి కాదు. అవతలి పక్షం వాళ్లకి ఆ సంగతి తెలియాలి.

రెండో చిక్కు వేరే రకం. "పల్లం కుంచాలు ౬" అని ఉంది. ప్రతి అక్షరం అద్దంలా ఉంది, చదవడంలో ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా అర్థంలో. కుంచం ధాన్యం కొలత. మా వైపు భూమికి కూడా అదే మాట వాడతారు, కుంచం అంటే పది సెంట్లు. కానీ మా వైపు అలా అంటారని నేను చెప్పింది 1933 నాటి కాగితానికి సాక్ష్యం అవుతుందా? వెనక వైపు వెతికితే తమ్ముడి వాటాలో "కుంచాలు ౧౨ కి య ౧-౨౦ సెంట్లు" అని దొరికింది. య అంటే ఎకరం. ఎకరా ఇరవై సెంట్లంటే నూట ఇరవై సెంట్లు, పన్నెండు కుంచాలకి పంచితే కుంచానికి పది సెంట్లు. కాగితం లెక్క కాగితంలోనే తేలింది. అనువాదంలో కుంచం అనే మాటని అలాగే ఉంచి, సెంట్ల లెక్క నోట్‌లో వేశాను. ఇలాంటి నోట్లకి ముందు "అర్థం" అని, అంతకుముందు చెప్పినవాటికి "పాఠం" అని రాశాను. అక్షరం కనపడకపోవడం, అక్షరం కనపడినా భావం తేలకపోవడం రెండు వేరు వేరు సంగతులు. రెండింటికీ ఒకే ప్రశ్న గుర్తు పెడితే, బాగా కనిపిస్తున్న మాటని కూడా చెరిగిపోయిందేమో అనుకుంటారు.

అసలు కష్టం పడమటి హద్దు దగ్గర. వివాదమంతా దాని మీదే అని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు, ఒకందుకు అదే మేలయింది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచారు. అడ్డ మడత సరిగ్గా ఆ లైను మీదుగా వెళ్లింది, అక్షరాల పై సగాలు చాలావరకు రాలిపోయాయి. శుద్ధ ప్రతిలో మొదట ఇలా రాసుకున్నాను:

లైను 14: తూపు౯ ఫలానా వారి కొబ్బరి దొడ్డి
లైను 15: దక్షిణం మురుగు కోడు
లైను 16: పడమర ప.ం. (??) [… 3 అక్షరాల లోపు]
లైను 17: ఉత్తరం మన ఉభయుల ఉమ్మడి గట్టు

ప కింది భాగం ఉంది. దాని తర్వాత కాస్త ఎడంగా సున్న ఉంది. ఆ తర్వాత ఒక అక్షరం కింది సగం మాత్రం గిన్నెలా కనిపిస్తోంది. ఆపైన చిల్లు. ఇది "పుంత" కావచ్చు, అంటే బళ్లు వెళ్లే దారి. "పంట" కూడా కావచ్చు, అప్పుడు చిల్లు పడిన చోట "బోదె" అని ఉండి, మొత్తం "పంట బోదె", అంటే పొలానికి నీళ్లు పెట్టే చిన్న కాలువ అవుతుంది. మన డెల్టాలో పొలానికి ఒక పక్క పుంత, ఇంకో పక్క బోదె ఉండడం ఎంత మామూలో చెప్పక్కర్లేదు. రెండూ ఆ చోట అతికినట్టు సరిపోతాయి. పుంత అయితే అందరూ నడిచే దారి, బోదె అయితే దాని గట్టు మీద నడిచే హక్కు గురించి వేరే వాదన.

ఏది చూస్తే తేలుతుందో ముందు రాసుకున్నాను. త మీద తలకట్టు ఉంటుంది, ట మీద ఉండదు. ఆ పై భాగమే పోయింది. కాబట్టి ఆ అక్షరం తేల్చదు. మిగిలింది ప పక్కన కొమ్ము. కాగితంలో స్పష్టంగా ఉన్న మాటల్ని కత్తిరించి పట్టిక చేసుకున్నాను: పు కోసం "పుచ్చుకొని", "పుట్టిన", పం కోసం "పంచుకొని", "పంపకం". ఈ లేఖరి "పం" రాసినప్పుడు సున్నని ప కి ఆనించినట్టే రాస్తున్నారు. "పు" రాసినప్పుడు కొమ్ము చోటు తీసుకోవడంతో తర్వాతి అక్షరం దూరం జరుగుతోంది. మన లైనులో సున్న దూరంగానే ఉంది. ఇది పుంత వైపు మొగ్గు. కానీ ఆ చోట కాగితం మడత దగ్గర సాగి చిరిగింది కాబట్టి, దూరం సిరా వల్ల వచ్చిందా చిరుగు వల్ల వచ్చిందా అని అనుమానం.

యాప్ ఫోటోలో ప కీ సున్నకీ మధ్య ఏమీ లేదు, తెల్లగా ఉంది. రంగుల ఫోటోలో అక్కడ సన్నటి గోధుమ రంగు గీత ఉంది. రెండు వెలుతురుల్లోనూ కదల్లేదు, కాబట్టి నీడ కాదు. అంతమాత్రాన కొమ్మే అనడానికి లేదు, వెనక వైపు సిరా ఇవతలికి దిగి ఉండొచ్చు. వెనక వైపు ఫోటోని అద్దంలో చూసినట్టు తిప్పి దీని మీద పెట్టాను. సరిగ్గా ఆ చోట వెనక ఒక అక్షరం తోక ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక పక్క తేలినట్టే ఉంటుంది, ఇంకో పక్క నుంచి చూస్తే ఏమీ తేలలేదు.

పాలకొల్లులో ఒక పెద్దాయన ఉన్నారు. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా వాళ్ల ఇంట్లో కరణీకం ఉండేది, గొలుసుకట్టు రాత ఆయనకి మంచినీళ్ల ప్రాయం. ఆయనకి ఆ మాట ఉన్న ముక్క మాత్రం కత్తిరించి పంపాను. ఇది పొలం హద్దు అని గానీ, నా అనుమానం ఏమిటని గానీ చెప్పలేదు. ముందు యాప్ ఫోటోలో ముక్క పంపితే "పంట లాగుందమ్మా" అన్నారు. రెండు రోజులాగి రంగుల ఫోటోలో ముక్క పంపితే "పుంత అయి ఉండాలి, కానీ కాగితం చూడకుండా సంతకం పెట్టమంటే పెట్టను" అన్నారు. ఒకే మనిషి, ఒకే కాగితం, ఫోటో మారేసరికి పాఠం మారింది. ఇంతకన్నా (??) కి రుజువేం కావాలి?

అప్పుడు మొదటి అనువాదం తెరిచాను. పడమర హద్దు దగ్గర ఏ గుర్తూ లేకుండా కార్ట్ ట్రాక్ అని ఉంది. కుంచాలు ఆరు అన్న చోట అరవై సెంట్లు అని ఉంది. లెక్క సరైనదే, కానీ కాగితంలో సెంట్లనే మాట అక్కడ లేదని చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆఖర్న ఒక సాక్షి పేరు "వెంక" అని ఉండి కాగితం చిరిగిపోయింది. దాన్ని వెంకట్రావు అని నింపేశారు. వెంకన్న కావచ్చు, వెంకయ్య కావచ్చు, వెంకటరత్నం కావచ్చు. ఆ సాక్షి వారసులెవరో కోర్టులో అడిగితే ఎవర్ని తీసుకొస్తారు? అది చదువుతుంటే నాకు నిజంగా బాధ వేసింది. చేసినవాళ్లకి తెలుగు రాక కాదు, ఖాళీ కనపడితే పని రానట్టు ఉంటుందని నింపేశారు. వకీలు గారికి అనుమానం వచ్చింది కూడా ఆ నున్నదనం వల్లే.

నా మొదటి ప్రతి జూలై రెండో వారంలో బాబాయ్ గారికి ఇచ్చాను. ఆయన ముఖం మాడిపోయింది.

"అదేంటమ్మా, వాళ్లు పుంత అని శుభ్రంగా రాసిచ్చారు. నువ్వు డబ్బులు పుచ్చుకుని అనుమానాలు రాశావేంటి? అక్కడ పుంత ఉంది, నేను చిన్నప్పట్నుంచీ అందులోనే బండి తోలాను. కావాలంటే రా, చూపిస్తాను."

కేసంతా ఆ పుంత మీదేనని అప్పుడు తెలిసింది. నేను అన్నాను, "బాబాయ్ గారూ, మీరు బండి తోలింది నిజమే. దాన్ని మీరు సాక్ష్యంగా చెప్పండి, ఊళ్లో వాళ్లతో చెప్పించండి. కానీ ఇప్పుడు అక్కడ పుంత ఉందని నేను 1933 కాగితంలో పుంత అని చదివితే, రేపు ఆ కాగితం చూపించి అప్పుడు పుంత ఉందని మీరెలా అంటారు? అవతలి వాళ్లూ అదే ఫోటో చేత్తో పట్టుకుని, మడతలో అక్షరం ఏదండీ అని అడుగుతారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. మా పిన్ని ఫోన్ చేసి, పెద్దాయన్ని ఎందుకు నొప్పించావే అంది. రెండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను. ఒక ప్రశ్న గుర్తు తీసేస్తే అందరూ సంతోషిస్తారు కదా అన్న ఆలోచన రాలేదని చెప్పను. కానీ కింద అనువాదకుల ధ్రువీకరణలో "నాకు తెలిసినంతవరకు యథార్థమైన, సరైన అనువాదం" అని సంతకం చేయాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసి ఆ మాట కింద సంతకం ఎలా పెట్టేది?

వకీలు గారితో ఫోన్లో మాట్లాడితే ఆయన వేరేలా అన్నారు. "మేడమ్, గుర్తులు ఉండనివ్వండి. కానీ జడ్జి గారు చదివే పేజీ ప్రశ్న గుర్తులతో నిండిపోతే మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది." ఇది న్యాయమైన మాట. మొత్తం తిరగేసి చూసి, అర్థం మీద గాని, పేరు మీద గాని, కొలత మీద గాని ప్రభావం లేని చిన్న చిన్న (?) లని పేజీలోంచి తీసి, ఆఖర్న లైను నంబర్లతో ఒక్క పేరాలో పెట్టాను. ఉదాహరణకి "ఉభయులము" లో ము చెరిగినా వాక్యం మారదు. హద్దులు, కొలతలు, తేదీ, పేర్లు, సొమ్ము, వీటిలో గుర్తులు మాత్రం మాట పక్కనే ఉంచాను. నిజంగా ముఖ్యమైనవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి.

అసలు కాగితం చూడాల్సిందే అని ముగ్గురం అనుకున్నాం. ఈలోగా గోదావరికి వరద వచ్చింది. లంకకి వెళ్లే కాజ్‌వే మునిగింది, పడవలు కూడా ఆపేశారు. నీళ్లు తీసి, రోడ్డు మీద బురద ఎండేదాకా ఇంచుమించు మూడు వారాలు ఆగాం. ట్రంకు పెట్టె అటక మీదకి ఎక్కించామని ఆ కుర్రాడు మెసేజ్ పెట్టేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు.

ఆగస్టు మూడో వారంలో బాబాయ్ గారే ఆ కాగితాన్ని ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు తీసుకొచ్చారు. నేనూ వెళ్లాను. పాలకొల్లు పెద్దాయన కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టి, మొదట వెనక వైపు తోక చూశారు, తర్వాత ముందు వైపు గీత చూశారు. ఫోటోలో ఒక్కటిగా కనిపించినవి నిజానికి రెండు గీతలు. వెనక నుంచి దిగిన సిరా లేతగా, అంచులు పాకినట్టు ఉంది. దాని పక్కనే, వెంట్రుకవాసి ఎడంలో, అంచులు పదునుగా ఉన్న ఇంకో గీత, ప కాలి నుంచి పైకి లేస్తోంది. భూతద్దంలో చూస్తే కలం ముల్లు కాగితాన్ని నొక్కిన చిన్న గాడి కూడా ఉంది. వెనక నుంచి దిగిన సిరాకి ముందు వైపు గాడి పడదు. అది కొమ్మే.

బాబాయ్ గారు లేచి నిలబడ్డారు. "చూశావా అమ్మా, పుంతే!"

పు వరకు ఖాయమైంది. కానీ మూడో అక్షరం పై భాగం అసలు కాగితంలోనూ లేదు, అక్కడ చిల్లే. పుం తర్వాత గిన్నెలా ఉన్న ఆ అక్షరం త కాక ఇంకేం అవుతుందని ఆయన అడిగారు. హద్దుగా రాసే మాటల్లో నాకు ఇంకోటి తోచలేదు, పాలకొల్లు పెద్దాయనకీ తోచలేదు. అందుకని (??) తీసి (?) చేశాను. గుర్తు పూర్తిగా తీసేయమని ఆయన ఇంకొకసారి అడిగారు, ఈసారి కోపంగా కాదు. తీయలేదు. తర్వాతి చిల్లులో "గట్టు" ఉందో, "రేవు" ఉందో, అసలు ఏమీ లేదో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ బ్రాకెట్లు అలాగే ఉన్నాయి.

చివరి ప్రతిలో ఆ హద్దు కింద నోట్ ఇలా ఉంది, ఇంగ్లీషులో రాసిందానికి తెలుగు: "లైను 16, పాఠం. పుంత (బళ్ల దారి), దాదాపు ఖాయం. మొదటి అక్షరం, కొమ్ము, సున్న అసలు కాగితంలో కనిపిస్తున్నాయి. మూడో అక్షరం కింది సగమే ఉంది. ఫోటోలో కొమ్ము స్పష్టంగా లేదు. ఫోటో ఒక్కటే చూస్తే పంట అనే పాఠం కూడా సాధ్యం. ఆ తర్వాత మూడు అక్షరాల లోపు చోటు పోయింది." ఏది ఫోటో చూసి చెప్పామో, ఏది కాగితం చూసి చెప్పామో విడదీసి రాయడం వకీలు గారి సలహా. కోర్టు ఫైల్లో ఉండేది ఫోటో నకలు కాబట్టి, అందులో కనపడనిది నాకెలా కనపడిందని అడిగితే జవాబు అక్కడే ఉండాలి. ధ్రువీకరణలో కూడా ఒక వాక్యం కలిపాను: గుర్తులు లేని భాగం యథార్థ అనువాదమని, గుర్తులున్న చోట నోట్‌లో చెప్పినంత మేరకే నా పూచీ అని.

ఖర్చుల సంగతి. మొదట పేజీకి ఐదు వందల చొప్పున వెయ్యి రూపాయలకి ఒప్పుకున్నాను. పని పెరిగాక రెండున్నర వేలు తీసుకున్నాను, దానికి ఆయన ఏమీ అనలేదు. పాలకొల్లు పెద్దాయన పైసా ముట్టుకోలేదు. మొదటి అనువాదానికి ఇచ్చిన డబ్బు మాత్రం పోయినట్టే. ఇలాంటి పని ఒప్పుకునేవాళ్లు పేజీ లెక్కన కాకుండా చదవడానికి వేరుగా, అనువాదానికి వేరుగా మాట్లాడుకోవడం మంచిది. నా పనిలో మూడొంతులు చదవడమే.

ఆగస్టు ఆఖరి వారంలో ప్రతి వకీలు గారికి చేరింది. అప్పీలు ఇంకా విచారణకి రాలేదు. సాక్షి పేరు "వెంక[…]" గానే ఉంది. దాయాదుల ఇంట్లో అదే లేఖరి రాసిన తాకట్టు కాగితం ఇంకొకటి ఉందని, అందులో కూడా అదే సాక్షి సంతకం ఉన్నట్టుందని ఆ కుర్రాడు మొన్న చెప్పాడు. రంగుల్లో, రెండు పక్కల వెలుతురులో తీసి డాక్యుమెంట్‌గా పంపమన్నాను.